పదిహేను కాదు, మూడు

ఆ ప్రశ్న మొత్తం పది మార్కులది. ఒక అట్టపెట్టెల ఫ్యాక్టరీ చార్టు గీసి ఇచ్చారు. పైన మేనేజింగ్ డైరెక్టరు. ఆయన కింద ముగ్గురు మేనేజర్లు. వాళ్ళలో ప్రొడక్షన్ మేనేజరు కింద ముగ్గురు సూపర్‌వైజర్లు. ఒక్కో సూపర్‌వైజరు కింద నలుగురేసి పనివాళ్ళు. మొదటి భాగం రెండు మార్కులు: ప్రొడక్షన్ మేనేజరు పర్యవేక్షణ పరిధి ఎంత? రెండో భాగం రెండు మార్కులు: డైరెక్టరు నుంచి పనివాడి దాకా ఆదేశాల గొలుసు రాయండి. మూడో భాగం ఆరు మార్కులు: సూపర్‌వైజర్ల మెట్టు తీసేస్తే సమాచారం రాకపోకలు ఎలా మారతాయో వివరించండి.

టీచరమ్మ పదకొండేళ్ళుగా చివరి సంవత్సరం పిల్లలకి ఈ పాఠం చెబుతోంది. చార్టు చూడగానే జవాబు ఆమె నోట్లోకి దానంతటదే వచ్చేసింది. మూడు. మేనేజరు నేరుగా పని చెప్పేది, నేరుగా జవాబు అడిగేది ఆ ముగ్గురు సూపర్‌వైజర్లనే. పర్యవేక్షణ పరిధి అంటే అంతే. వాళ్ళ కింద పన్నెండు మంది ఉండనీ, పన్నెండు వందల మంది ఉండనీ, వాళ్ళు సూపర్‌వైజర్ల లెక్క.

పేపర్లు దిద్దే కేంద్రంలో మొదటి రోజు పొద్దున చీఫ్ ఎగ్జామినరు గారు పై అంతస్తులో కూర్చుని మైకులో జవాబుల కీ చదివారు. ఎనిమిది హాళ్ళలోనూ గోడల మీది స్పీకర్లలోంచి ఆయన గొంతు ఒక్కసారే వచ్చింది. "ప్రొడక్షన్ మేనేజర్ పర్యవేక్షణ పరిధి, పదిహేను. రెండు మార్కులు. ఇంకేది రాసినా సున్నా."

టీచరమ్మ తల పైకెత్తింది. చుట్టూ ఎవరూ ఎత్తలేదు. అందరూ పదిహేను అని కీ పక్కన టిక్కు పెట్టుకుంటున్నారు.

ముగ్గురు సూపర్‌వైజర్లూ పన్నెండు మంది పనివాళ్ళూ కలిసి పదిహేను. మేనేజరు కింద ఉన్న తలలన్నీ లెక్కపెట్టేశారు. క్లాసులో మొదటి వారం ప్రతి పిల్లా, పిల్లాడూ చేసే తప్పే ఇది. రెండు మార్కుల తప్పుతో పోయేదైతే ఆమె కూడా ఊరుకునేదేమో. మూడో భాగం కీ విన్నాక చేతిలోని ఎర్ర పెన్ను బల్లమీద పెట్టేసింది. "సూపర్‌వైజర్ల మెట్టు తీసేస్తే మేనేజరు పరిధి పదిహేను నుంచి పన్నెండుకి తగ్గుతుంది. కాబట్టి ఒక్కొక్కరి మీద మేనేజరు దృష్టి పెరుగుతుంది. ఇది రాస్తేనే మార్కులు."

నిజానికి మెట్టు తీసేస్తే పరిధి మూడు నుంచి పన్నెండుకి పెరుగుతుంది. నిర్మాణం బల్లపరుపు అవుతుంది. మాట ఒక మెట్టు తక్కువ దాటుతుంది కనుక త్వరగా చేరుతుంది, దారిలో వంకర పోయేదీ తక్కువే. దానికి బదులు మేనేజరు నెత్తిమీద పన్నెండు మంది వచ్చి పడతారు, ఒక్కొక్కరితో కూర్చుని మాట్లాడే తీరిక ఆయనకి ఉండదు. పాఠం సరిగ్గా చదివిన పిల్లలు ఇదే రాస్తారు. రాసినవాళ్ళకి ఎనిమిది మార్కులు పోతాయి. చదవనివాళ్ళకి వస్తాయి.

ఆ హాల్లో నోరు తెరిచి అడగడానికి లేదు. లోపలికి వచ్చేటప్పుడు గేటు దగ్గర ఫోన్లు తీసుకుని గుడ్డసంచిలో వేసి టోకెను ఇచ్చారు. తలుపు దగ్గర కుర్చీలో మనిషి. ఒక్కో బల్లకి ఆరుగురు ఎగ్జామినర్లు, వాళ్ళమీద ఒక బల్లపెద్ద. ఆరు బల్లలకి ఒక హాలు ఇన్‌చార్జి. రెండు హాళ్ళకి ఒక డిప్యూటీ. నలుగురు డిప్యూటీల మీద చీఫ్ గారు. ఎగ్జామినరు మాట్లాడవలసింది తన బల్లపెద్దతోనే. అదైనా నోటితో కాదు, చీటీతో. చీటీలో రెండంటే రెండే లైన్ల గడి.

ఈమె బల్లపెద్దని అందరూ మాస్టారు అంటారు. ఇంకో ఏడాదిలో రిటైరవుతారు. చొక్కాజేబులో నాలుగు పెన్నులు, కళ్ళజోడుకి తాడు. ఎవరినైనా 'అమ్మా', 'నాయనా' అనే పిలుస్తారు. పక్క కుర్చీలో ఉన్నాయన పేరు మాత్రం ఎవరికీ తెలీదు. బావగారు అంటారు. ఎవరికి బావో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

టీచరమ్మ తెల్లచీటీ మీద చిన్న అక్షరాలతో ఇరికించి రాసింది: "ప్రొడక్షన్ మేనేజర్ పర్యవేక్షణ పరిధి 15 కాదు, 3. కీ తప్పు. దీనివల్ల మూడో భాగం కీ కూడా తలకిందులైంది. వెంటనే సరిచేయాలి."

మాస్టారు చదివారు. కళ్ళజోడు తీసి చార్టు మీద వేలు పెట్టి లెక్కపెట్టారు. "నిజమేనమ్మా," అన్నారు నెమ్మదిగా. "పంపుతాలే."

కానీ ఆ కేంద్రంలో ఒక పద్ధతి ఉంది. కిందివాళ్ళ చేతిరాత పైకి పోకూడదు. ఎవరు ఏ సందేహం అడిగారో పైవాళ్ళకి తెలిస్తే పక్షపాతం వస్తుందని ఎప్పుడో ఎవరో పెట్టిన నియమం. అందుకని ప్రతి మెట్టులోనూ ఆ మెట్టువాళ్ళు తమ రంగు చీటీ మీద, తమ మాటల్లో, మళ్ళీ రాసి పంపాలి. కింద చీటీ తమ దగ్గరే ఉంచుకోవాలి.

మాస్టారు పసుపుచీటీ తీశారు. చీఫ్ గారే స్వయంగా మైకులో చదివిన కీని తప్పు అని రాయడానికి ఆయన చెయ్యి రాలేదు. ఇలా రాశారు: "పరిధి 15కి బదులు 3 అని కూడా తీసుకోవచ్చునా అని ఒకరి సందేహం. మూడో భాగం గురించి కూడా."

హాలు ఇన్‌చార్జి ఒక మేడమ్. రోజంతా ఆమె నోట వచ్చేది ఒక్కటే మాట కనుక ఆమెకి నిశ్శబ్దం మేడమ్ అని పేరు. ఆరు బల్లల నుంచి ఆమెకి ఆ పూట పంతొమ్మిది చీటీలు వచ్చాయి. ఆకుపచ్చ చీటీ మీద ఆమె రాసింది: "15 బదులు 3 రాసినవారికి మార్కులు ఇవ్వవచ్చునా?" మూడో భాగం ఊసు అక్కడ రాలిపోయింది.

డిప్యూటీ గారు రెండు హాళ్ళ చీటీలు ముందేసుకుని ఒకేలా ఉన్నవి కలిపేశారు. ఇంకో హాల్లోంచి పన్నెండు అని రాసినవాళ్ళ సంగతి ఏమిటని వచ్చింది. రెండూ కలిపి గులాబీచీటీ మీద ఒక్క ముక్కలో తేల్చారు: "15 కన్నా తక్కువ రాసినవారికి ఎన్ని మార్కులు?"

చీఫ్ గారు దానికింద సున్నా చుట్టి సంతకం పెట్టారు. ఆ చీటీ చూసినవాళ్ళెవరైనా అదే చేస్తారు.

పైకి పోయేటప్పుడు మాట మెత్తబడింది కదా, దిగేటప్పుడు గట్టిపడింది. సున్నా ఒక్కో మెట్టూ దిగుతూ ఒక్కో ముల్లు మొలిపించుకుంది. మర్నాడు మధ్యాహ్నం మూడింటికి నిశ్శబ్దం మేడమ్ వచ్చి మాస్టారి బల్లమీద పెట్టిన కాగితంలో ఇలా ఉంది: "కీ ప్రకారమే నడుచుకోవాలి. పదిహేను కాకపోతే సున్నా. ఇకమీదట ఇలాంటి అనవసర సందేహాలు పంపినవారి పేర్లు నమోదు చేయబడును."

అప్పటిదాకా టీచరమ్మ 'మూడు' రాసిన పేపర్లన్నీ దిద్దకుండా ఎడంపక్కన పేర్చుకుంటూ వచ్చింది. పద్నాలుగయ్యాయి. ఆ కాగితం చదివాక మాస్టారు ఆ పేర్పు వైపు చూశారు. ఆమె ఒక్కొక్కటే లాక్కుని సున్నాలు పెట్టడం మొదలుపెట్టింది.

బావగారు గుసగుసగా అన్నాడు. "ఎందుకక్కయ్యా అంత మనసు పాడుచేసుకుంటావు. నేనైతే కళ్ళు మూసుకుని పెట్టేస్తున్నాను. పెట్టేటప్పుడు ఈ సున్నా నాది కాదు, చీఫ్ గారిది అనుకుంటున్నాను."

"పిల్లల కాగితం మీద ఉండేది నీ చేతి సున్నాయేగా."

ఆయన నవ్వాడు గానీ ఆ తరవాత కాసేపు పెన్ను కదపలేదు.

పద్నాలుగింటిలో ఒకటి ఆమె చేతిలో ఆగిపోయింది. పెన్ను గట్టిగా నొక్కి రాసే పిల్లో పిల్లాడో, అక్షరాలు వెనకపేజీలో తడిమితే తగులుతున్నాయి. మిగతా పేపరంతా అంతంతమాత్రం. ఈ ప్రశ్నకి మాత్రం చార్టు మళ్ళీ గీసి రాశారు: "మేనేజరు నేరుగా మాట్లాడేది ముగ్గురు సూపర్‌వైజర్లతోనే, కనుక పరిధి 3. ఆ పన్నెండు మందితో మాట్లాడేది సూపర్‌వైజర్లు. సూపర్‌వైజర్లను తీసేస్తే పన్నెండు మందీ మేనేజరు మీద పడతారు. మాట త్వరగా చేరుతుంది. మధ్యలో మార్చేవాళ్ళు ఉండరు. కానీ అందరి మాటా వినేంత తీరిక మేనేజరుకు ఉండదు." కీ ప్రకారం దిద్దితే ఆ పేపరు మొత్తం ముప్పై ఒకటి. పాస్ మార్కు ముప్పై అయిదు. నిజం ప్రకారం దిద్దితే ముప్పై తొమ్మిది.

ఆ పేపరుకీ సున్నాలు పెట్టి, కట్టలో అడుగున పెట్టేసి ఇంటికి వచ్చింది.

భర్త బస్ డిపోలో ఫోర్‌మన్. చేతులకి గ్రీజు వదలక సున్నిపిండితో రుద్దుకుంటున్నాడు. ఆమె గిన్నెలు సర్దుతూ ఉన్నట్టుండి అడిగింది, నీ కింద ఎంతమంది పనిచేస్తారని. ఇరవై రెండు అన్నాడు ఛాతీ విరుచుకుని. వాళ్ళలో నువ్వు నేరుగా పని చెప్పేది ఎంతమందికి అంది. ఇద్దరు మేస్త్రీలకేనని, మిగతా ఇరవై మందికీ మేస్త్రీలే చెప్పుకుంటారని, అందరికీ తనే చెప్పాలంటే మధ్యాహ్నానికి గొంతు పోయి సాయంత్రానికి ఉద్యోగం పోతుందని అన్నాడు.

"చూశావా, నీకు తెలుసు," అంది ఆమె.

ఏం తెలుసో చెప్పాక అతను చేతులు తుడుచుకుంటూ విన్నాడు. కీ తప్పైతే పాపం రాసినవాడిదని, తనకిచ్చిన పని తను చేసుకొచ్చేస్తే పోయేదానికి తల దూర్చడం ఎందుకని అన్నాడు. అందరూ అనేదే. ఆమె తనకి తను చెప్పుకున్నదీ అదే. కానీ జూన్‌లో మళ్ళీ క్లాసులోకి వెళ్ళి బోర్డు మీద అదే చార్టు గీయాలి. వెళ్ళి ఏమని చెప్పాలి? మూడు అనే చెప్పి పరీక్షలో పదిహేను రాయమనాలా?

మూడో రోజు పొద్దున ఒక కబురు వచ్చింది. సాయంత్రం ఐదింటికి మూడు రోజుల కట్టలూ సీలు వేసి మార్కులు ఎక్కించే గదికి పంపేస్తారు. సీలు పడ్డాక చీఫ్ గారి సంతకం లేనిదే ఎవరూ విప్పడానికి లేదు.

టీచరమ్మ అడుగునున్న ఆ పేపరు తీసి, సున్నాలు కొట్టేసి, పదికి పది వేసింది. మొత్తం ముప్పై తొమ్మిది. దాన్ని మాస్టారు తనిఖీకి తీసుకునే ఐదు పేపర్లలో పెట్టింది. బల్లపెద్ద ప్రతి కట్టలోంచి ఐదు మళ్ళీ దిద్ది, నాలుగు మార్కులకి మించి తేడా వస్తే పైకి చెప్పాలి.

మాస్టారు చూశారు. చెప్పలేదు. తన ఎర్రపెన్నుతో పదిని కొట్టేసి, రెండు వేసి, మొత్తం దిద్ది, పక్కన పొట్టి సంతకం పెట్టి ఆమె ముందుకి తోశారు.

"అమ్మా, నీ మీద మచ్చ పడనివ్వను. నువ్వూ నన్ను ముంచకు. ఏడాదిలో పోయేవాణ్ణి."

ఆయన దయగానే అన్నారు. ఆ దయతోనే దారి మూసుకుపోయింది. తప్పు చేద్దామన్నా ఆయన దాన్ని బల్ల దాటనివ్వరు.

ఒక్క దారి ఉంది. ఎగ్జామినరు చీఫ్ గారి ముఖం చూడగలిగేది ఒకే ఒక్క సందర్భంలో. కీ తప్పి దిద్దినట్టు హాలు ఇన్‌చార్జి కంట రెండు పేపర్లు పడితే, ఆ మనిషిని అక్కడికక్కడే ఆపేసి, పేపర్లతో సహా చీఫ్ గారి దగ్గరికి తీసుకువెళ్ళాలి. ఆయనతో ఆపివేత కాగితం మీద సంతకం చేయించి బయటికి పంపుతారు. మూడేళ్ళదాకా మళ్ళీ పిలుపు రాదు. కాలేజీకి ఉత్తరం వెళుతుంది. తమ ప్రిన్సిపాలు ఆ ఉత్తరం అందుకున్నాక ఆమెకి చివరి సంవత్సరం క్లాసు ఇవ్వడు. ముందు సంవత్సరం ఒక లెక్చరరుకి అలాగే చేశాడు.

నిశ్శబ్దం మేడమ్ భోజనానికి ముందు ఒకసారి బల్లల చుట్టూ తిరుగుతుంది. కట్ట మీది పై రెండు పేపర్లే తీసి చూస్తుంది. ఇరవై ఏళ్ళుగా ఆమె అలవాటు అదే. హాలు మొత్తానికీ తెలుసు. అందుకే పన్నెండున్నర అయ్యేసరికి అందరూ అందంగా దిద్దినవి తీసి పైన పెట్టుకుంటారు.

టీచరమ్మ మాస్టారు దిద్దిన ఆ పేపరు మీద మళ్ళీ పది వేసింది. ఇంకో 'మూడు' పేపరుకీ పది వేసింది. రెండూ పైన పెట్టి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. మాస్టారు మంచినీళ్ళ కుండ దగ్గర ఉన్నారు.

బావగారు చూశాడు. "అక్కయ్యా, పైన ఏం పెట్టావు?"

"నీకెందుకు. నీ పని చూసుకో."

"నా పైది మార్చుకోనా మరి? నీ పక్కవాడినని నన్నూ చూస్తుందేమో," అని తన కట్ట సర్దుకున్నాడు. ఒక క్షణం ఆగి, సర్దినవి మళ్ళీ ఎలా ఉన్నవి అలా పెట్టేశాడు.

మేడమ్ వచ్చింది. మొదటిది తీసింది, కీతో పోల్చింది. రెండోది తీసింది. ఆ మూడు రోజుల్లో ఆమె నోట వేరే మాట వినడం అందరికీ అదే మొదలు. "లేవండి," అంది.

మాస్టారు నీళ్ళగ్లాసుతో అక్కడే నిలబడిపోయారు.

చీఫ్ గారి గదిలో కిటికీలకి అట్టలు అతికించి ఉన్నాయి. బల్లమీద గులాబీచీటీల గుట్ట. ఆయన భోజనం డబ్బా మూత తీసి ఉంది, తినలేదు. నలుగురు డిప్యూటీలలో ఇద్దరు గుమ్మంలో చీటీలు పట్టుకుని వంతు కోసం చూస్తున్నారు. మేడమ్ రెండు పేపర్లూ ఆయన ముందు పెట్టి, తేడా ఎనిమిదేసి మార్కులని చెప్పింది. ఆయన ఆపివేత కాగితం లాక్కున్నారు. సంతకం పెట్టేముందు పేపరు చూడాలని నియమం కనుక చూశారు.

చీటీ అయితే మెట్టుకో చేతిలో మారేది. పేపరు మారదు. నొక్కి రాసిన ఆ అక్షరాలు ఎలా ఉన్నవి అలా ఆయన కళ్ళముందు ఉన్నాయి. ఆయన చదివారు. మళ్ళీ మొదటినుంచి చదివారు. ప్రశ్నపత్రం తీసి చార్టు మీద పెన్ను మొన పెట్టారు. ఒకటి, రెండు, మూడు దగ్గర పెన్ను ఆగింది.

మేడమ్‌నీ డిప్యూటీలనీ బయట ఉండమన్నారు.

"ఇది ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పానండీ. మొదటిరోజే చీటీ పంపాను."

ఆయన గుట్టలో వెతికి ఒక గులాబీచీటీ తీశారు. పదిహేను కన్నా తక్కువ రాసినవారికి ఎన్ని మార్కులు. కింద తన సున్నా. ఆ చీటీని ఆమె వైపు తిప్పి చూపించారు. ఆమె చదివింది.

"నా కింద మూడు వందల నలభై ఎనిమిది మంది," అన్నారాయన, ఎవరిమీదా కానట్టు. "ఒక్కరు కూడా..."

"మీ కింద నలుగురేనండీ," అంది టీచరమ్మ.

అనకూడనిది అన్నానేమో అనుకుంది. ఆయన డబ్బా మూత పెట్టి పక్కకి జరిపారు. గుమ్మం అవతల డిప్యూటీల నీడలు కదులుతున్నాయి. కొత్త గులాబీచీటీ తీసుకుని రాశారు. కీ సవరణ. పరిధి 3, 15 కాదు. మూడో భాగంలో పరిధి 3 నుంచి 12కి పెరుగుతుంది అన్నదే సరి. మూడు రోజుల కట్టలూ మళ్ళీ చూడాలి. రెండు లైన్ల గడి దాటి అంచుల్లోకి పాకింది రాత.

"మీ చేతిరాతే బల్లలదాకా వెళ్ళనివ్వండి సార్. ఎవరూ మళ్ళీ రాయకుండా. లేదా మైకులో మీరే చెప్పండి."

మైకు మొదటిరోజు కీ చదవడానికేనని, ఆ తరవాత అందులో మాట్లాడితే దానికి వేరే రిపోర్టు రాయాలని, కీ తప్పని ఎనిమిది హాళ్ళకీ ఒక్కసారే చాటితే రేపు పేపర్లు దిద్దడమే ఆగిపోతుందని ఆయన అన్నారు. నలభై ఎనిమిది బల్లలకీ తనే తిరగాలంటే ఈ కుర్చీలో ఎవరు కూర్చుంటారని అడిగారు. మర్యాదగానే అడిగారు. తరవాత ఆపివేత కాగితం మీద సంతకం పెట్టారు.

"ఇది కూడానా సార్?"

"ఇది పెట్టకపోతే నేను తప్పు కీ ఇచ్చి మనుషుల్ని ఆపానని అవుతుందమ్మా. పెడితే కీలో ఒక స్పష్టత ఇచ్చామని అవుతుంది." ఆయన కళ్ళు ఎత్తలేదు. "నలుగురికీ చెబుతాను. వాళ్ళు చెబుతారు."

రెండు పేపర్లనీ ఆపివేత కాగితానికి గుండుసూదితో గుచ్చి ఫైల్లో పెట్టారు. అప్పటికి టైము రెండు.

ఆమెని పక్క మెట్లమీదుగా దింపారు. హాల్లోకి వెళ్ళనివ్వలేదు. చేతిసంచీని ఎవరో తెచ్చి ఇచ్చారు. ఫోను ఇచ్చి టోకెను తీసుకున్నాడు గేటు మనిషి. ఆపేసినవాళ్ళు ఆవరణలో ఉండకూడదన్నాడు. ఆమె గేటుకి ఎదురుగా, రోడ్డు అవతల బస్టాపు బల్లమీద కూర్చుంది. మూడు బస్సులు వచ్చి పోయాయి. ఆ కిటికీల్లో ఏది తన హాలో బయటినుంచి చూస్తే ఆనవాలు పట్టలేకపోయింది.

ఐదున్నరకి జనం బయటపడ్డారు. మెట్లూ లేవు, బల్లలూ లేవు. అందరూ ఒకే గేటులోంచి, ఒకే వరసలో, ఫోన్లు చెవులకి పెట్టుకుని. బావగారు ఆమెని చూసి దూరం నుంచే చెయ్యి ఊపి, వెనక వస్తున్న మాస్టారిని చూపించాడు.

మాస్టారు రోడ్డు దాటి వచ్చి పక్కన కూర్చున్నారు. ఆమె ఒకటే అడిగింది. బల్లకి ఏమొచ్చింది మాస్టారూ అని.

"మూడున్నరకి వచ్చింది. 'ఇకమీదట 3 రాసినా మార్కులు ఇవ్వవచ్చు' అని."

"ఇవ్వవచ్చు?"

"ఆ మాటే ఉంది."

"మూడో భాగం?"

ఆయన తల అడ్డంగా ఊపారు. పాత కట్టల సంగతి కూడా రాలేదు. రేపట్నించి దిద్దేవాటికేనని మేడమ్ అర్థం చేసుకుంది. పక్క హాల్లో అదైనా అందిందో లేదో తెలీదు. ఐదింటికి సీలు వేసుకుని పోయారు.

మాస్టారు కళ్ళజోడు తీసి తాడుకి వేలాడనిచ్చారు.

"మన కట్టలు మాత్రం ఇరవై నిమిషాలు ఆలస్యంగా ఇచ్చాను. సీలు వేసే లక్క సరిగ్గా కరగలేదని చెప్పాను. మూడున్నర నుంచి ఇవాళ మిగిలిన పేపర్లు పక్కనపెట్టి, అయిదుగురూ నేనూ కట్టలు విప్పి ఆ ఒక్క పేజీయే తిప్పాం. నువ్వు మొదటిరోజు చెప్పినట్టే, మూడు భాగాలూ. బావగారు అందరికన్నా ముందు మొదలుపెట్టాడు. నీ కట్టలు నేను చూశాను."

ఆమెకి లెక్కలు చేయకుండా ఉండడం చేతకాదు. మనిషికి రోజుకి నలభై, మూడు రోజులకి నూట ఇరవై. ఆరుగురికి ఏడు వందల ఇరవై. మొత్తం రెండు వందల ఎనభై ఎనిమిది మందికి ముప్పై నాలుగు వేల చిల్లర.

"మిగతా బల్లలూ మాస్టారూ?"

"నా కింద ఉన్నది ఆరుగురే కదమ్మా." కాసేపాగి, ఇంకా ఏదో మిగిలినట్టు అన్నారు. "ఆ రెండు పేపర్లూ మన కట్టలో లేవు."

లేవని ఆమెకి తెలుసు. ఆ గుండుసూది గుచ్చినప్పుడే తెలుసు. ముప్పై ఒకటో, ముప్పై తొమ్మిదో ఎవరూ తేల్చకుండా ఆ పేపరు పై అంతస్తులో ఫైల్లో, ఆమె పేరున్న కాగితం కింద ఉంది. అక్కడికి ఇక ఆమె వెళ్ళలేదు. ఒక్క మనిషి మాటని దారిలో వంగకుండా పైకి చేర్చడానికి తను వాడుకున్నది ఆ పేపరునే.

"మొదటి చీటీలో నేనేం రాశానో తెలుసా," అన్నారు మాస్టారు. "నువ్వు తప్పు అన్నావు. నేను సందేహం అని రాశాను. అక్కడే మొదలైంది."

ఆమె ఆయన వైపు చూసింది. కోపం రావాలి. రాలేదు, లేక వచ్చే ఓపిక లేదు.

ఇంకో బస్సు వచ్చింది. ఇద్దరూ లేవలేదు. మాస్టారు జేబులోంచి నాలుగు పెన్నుల్లో ఒకటి తీసి, బస్సు టిక్కెట్టు వెనక్కి తిప్పి మోకాలి మీద పెట్టుకున్నారు. రేపు పొద్దున తొమ్మిదింటికి మొదటి చీటీ తనదే కావాలన్నారు. పేర్లు నమోదు చేస్తే చేసుకోమన్నారు. ఏడాదిలో పోయేవాడికి ఏం చేస్తారన్నారు, పొద్దున అన్న అదే మాటని తిప్పేసి.

"రెండు లైన్లే పడతాయి. ఏం రాయమంటావు?"

టీచరమ్మ చాలాసేపు ఆలోచించింది. పైన ఇద్దరు మళ్ళీ రాస్తారు. ఏ మాట మెత్తబడుతుంది, ఏ మాట రాలిపోతుంది, ఏది మిగులుతుంది అని ఒక్కో మాటనీ ఆ మెట్లన్నీ ఎక్కించి చూసింది.

"మొదటి లైను 'తప్పు' అనే మాటతో మొదలుపెట్టండి మాస్టారూ. చివరిదాకా అందులో కీ సంగతే. సీలు వేసిన కట్టలు విప్పాలని కూడా."

"రెండోది?"

"రెండో లైను మొత్తం ఆ రెండు పేపర్ల నెంబర్లు. ఇంకేం వద్దు. నెంబర్లని ఎవరూ తమ మాటల్లో రాయలేరు."

మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని నెంబర్లు చెప్పమన్నారు. ఆమెకి రెండూ నోటికి వచ్చు. ఒక్కో అంకె విడివిడిగా చెప్పింది, ఆయన తిరిగి అప్పజెప్పేదాకా ఆగి, తరవాతది చెప్పింది.